పేకముక్కకు పూనకం

పారిస్‌లో ఒక పెద్దింటి ఆవిడ నలుగురితో కూర్చుని పేకాడుతోంది. జర్మనీ నుంచో స్విట్జర్లాండు నుంచో కొత్తగా వచ్చిన మనిషి. అక్కడివాళ్లు ఆడుకునే పేకకట్టను వెంట తెచ్చుకుంది. ఆ సమయానికి ఆంట్వాన్ కూర్ ద జెబెలాన్ అనే పండితుడు ఆమెను చూడ్డానికి వచ్చాడు. ప్రొటెస్టెంట్ పాస్టరు, ఫ్రీమేసను, ప్రపంచ భాషలన్నిటికీ పురాణాలన్నిటికీ ఒకే మూలం ఉందని నిరూపించడానికి సంపుటాల మీద సంపుటాలు రాస్తున్నవాడు. పేకకట్టలోని బొమ్మలు చూసి ఆగిపోయాడు. ఒక్కొక్క ముక్కా తిప్పి చూపించమన్నాడు. పావుగంటలో తేల్చేశాడు: ఇది పేకాట కాదు, ప్రాచీన ఈజిప్టు పూజారులు తమ జ్ఞానమంతా బొమ్మల్లో దాచిపెట్టిన గ్రంథం.

ఈ సంగతి ఆయనే 1781లో అచ్చయిన తన ఎనిమిదో సంపుటంలో గర్వంగా రాసుకున్నాడు. ఇవాళ హైదరాబాదులోనో, న్యూజెర్సీలోనో, యూట్యూబులోనో టారో ముక్కలు పరిచి ప్రేమ, ఉద్యోగం, వీసా గురించి చెబుతున్నవాళ్ల విద్య వెనక్కి వెనక్కి వెళితే చేరేది ఆ పావుగంట దగ్గరికే. అంతకు ముందు దాదాపు మూడున్నర శతాబ్దాల పాటు ఆ ముక్కలతో జనం చేసిన పని దాదాపు ఒక్కటే, పందెం కాసో కాయకుండానో ఆడుకోవడం.

ఆ గదిలో ఆ ముక్కలకు అసలు అర్థం తెలిసినవాళ్లు ఆ ఆట ఆడుతున్నవాళ్లే. వాళ్లను అడిగి ఉంటే ఏం చెప్పేవారో ముందు చూద్దాం.

టారో కట్టలో 78 ముక్కలు. అందులో 56 మనకు తెలిసిన పేకకు దగ్గరివే. నాలుగు రంగులు: గిన్నెలు, నాణేలు, కత్తులు, కర్రలు. రంగుకు పద్నాలుగు: ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఆపైన సేవకుడు, గుర్రపు రౌతు, రాణి, రాజు. మిగిలిన 22 ముక్కలు ఏ రంగుకూ చెందవు. వాటిమీద చక్రవర్తి, పోపు, ప్రేమికులు, రథం, అదృష్టచక్రం, మృత్యువు, సైతాను, చంద్రుడు, సూర్యుడు, ప్రపంచం లాంటి బొమ్మలుంటాయి. వీటిలో 21 వరుసగా ఒకదాని కంటే ఒకటి పెద్దవి. మిగిలిన ఒక్కటీ పిచ్చివాడు, వాడిది వేరే దారి.

తురుపు ఆట తెలిసినవాళ్లకు ఇక ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముందు ఆడినవాడు ఏ రంగు వేస్తే మిగతావాళ్లు అదే వెయ్యాలి. ఆ రంగు చేతిలో లేకపోతే తురుపుతో కొయ్యాలి. మన ఆటల్లో ఉన్న నాలుగు రంగుల్లోంచే ఒకదాన్ని తురుపుగా ఎంచుకుంటాం. టారోలో ఆ బెడద లేదు. ఈ 21 బొమ్మలూ పుట్టుకతోనే తురుపులు. ఇటలీవాళ్లు వీటిని ‘త్రియోన్ఫీ’ అన్నారు, అంటే విజయాలు. ఆ మాటే యూరప్ భాషల్లో అరిగి అరిగి, ఓడలెక్కి వచ్చి మన నోట తురుపు అయింది.

ఒక్క పట్టు ఆడి చూద్దాం. ముగ్గురు ఆటగాళ్లు. మొదటివాడు గిన్నెల రాజును దించాడు. రాజంటే కట్టలో అత్యంత విలువైన ముక్కల్లో ఒకటి, పాత లెక్కలో అయిదు పాయింట్లు. రెండోవాడి దగ్గర గిన్నెలు అయిపోయాయి. తురుపుల్లో పన్నెండోదైన ‘వేలాడే మనిషి’తో కోశాడు. ఆ ముక్కకు తనకంటూ చెప్పుకోదగ్గ పాయింట్లేమీ లేవు, దాని పనల్లా రాజును పట్టడమే. మూడోవాడికీ గిన్నెలు లేవు. అతను పదమూడో తురుపైన మృత్యువును వేశాడు. పన్నెండు కంటే పదమూడు పెద్దది. రాజూ వేలాడే మనిషీ కూడా మూడోవాడి కుప్పలోకి వెళ్లిపోయాయి. ఆ బల్ల దగ్గర మృత్యువుకున్న అర్థం అంతే. ఎవరి ప్రాణమూ పోలేదు, రెండోవాడికి ఒళ్లు మండింది.

పిచ్చివాడి సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. వాడిని ఎప్పుడైనా వెయ్యొచ్చు, రంగు ఉన్నా సరే. వాడు పట్టు గెలవడు, అలాగని ప్రత్యర్థికి దొరకడు కూడా. వేసినవాడు వాడిని తిరిగి తన కుప్పలోకి తీసుకుని, బదులుగా ఓ పనికిరాని ముక్క ఇస్తాడు. మంచి రాజును పోగొట్టుకోకుండా తప్పించుకోవడానికి వాడొక సాకు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ ముక్కను ‘ఎక్స్‌క్యూజ్’ అనే పిలుస్తారు.

పేక యూరప్‌లో పుట్టింది కాదు. ఈజిప్టును ఏలిన మామ్లూకుల దగ్గర్నుంచి పద్నాలుగో శతాబ్దంలో మధ్యధరా దాటి వచ్చింది. 1377 నాటికే ఫ్లారెన్సు నగరం ఈ కొత్త ఆటకు కళ్లెం వెయ్యడానికి ఉత్తర్వు ఇచ్చింది. మామ్లూకుల పేక ఒకటి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి ప్రాసాదంలో ఉంది. దాని రంగులు గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు. ఇటలీలో పోలో ఆడేవాళ్లు లేరు కాబట్టి ఆ కర్రలు ఉత్త కర్రలైపోయాయి. అలా చూస్తే టారోలో ఈజిప్టు అంశ కొంత ఉన్న మాట నిజమే. కానీ అది ఫారోల ఈజిప్టు కాదు, సుల్తానుల ఈజిప్టు. పైగా అది ఉన్నది జెబెలాన్ ఆశ్చర్యపోయిన 22 బొమ్మల్లో కాదు, ఆయన పెద్దగా పట్టించుకోని మామూలు అంకెల ముక్కల్లో.

బొమ్మల తురుపులు చేరింది ఉత్తర ఇటలీలో, 1440 ప్రాంతంలో. మనకు దొరికిన మొట్టమొదటి ప్రస్తావన ఒక డైరీలో ఉంది. అంగియారి ఊరికి చెందిన జుస్తో జుస్తి అనే నోటరీ 1440 సెప్టెంబరు 16న రాసుకున్న పద్దు అది. సిగిస్మొందో మలతెస్తా అనే సేనానికి ఇవ్వడానికి, ఆయన రాజచిహ్నాలు వేయించి, తురుపుల పేక ఒకటి ఫ్లారెన్సులో చేయించాడట. ఖర్చు నాలుగున్నర డ్యూకట్లు. రహస్యం, మంత్రం, దైవం లాంటి మాట ఒక్కటీ అందులో లేదు. పెద్దవాళ్లను మంచి చేసుకోవడానికి ఇచ్చే ఖరీదైన కానుక, దాని లెక్క.

ఈ కానుకలు ఎంత ఖరీదైనవో తెలియాలంటే మిలాన్ పాలకులు విస్కోంతి, స్ఫోర్జా కుటుంబాల కోసం పదిహేనో శతాబ్ది మధ్యలో చేసిన పేకను చూడాలి. అరచేతికి మించిన పొడవు, బంగారు రేకు అద్దిన నేపథ్యం, దాని మీద చేత్తో వేసిన బొమ్మలు. అందులో 74 ముక్కలు మిగిలాయి. కొన్ని న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో, కొన్ని ఇటలీలోని బెర్గామోలో ఉన్నాయి. ఆ తురుపుల మీద అంకెలు లేవు, పేర్లు కూడా లేవు. ఏది దేన్ని కొడుతుందో ఆడేవాళ్లకు నోటికి రావాలి. అందుకే అందరూ ఎరిగిన బొమ్మలు కావలసి వచ్చాయి. చక్రవర్తి మీద పోపు, మనుషుల మీద మృత్యువు, భూమ్మీది వాటిపైన నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు అంటే అప్పటి ఇటలీలో పిల్లాడికైనా తేలిగ్గా గుర్తుంటుంది. ఊరేగింపుల్లో, గుడి గోడల మీద రోజూ చూసే బొమ్మలే అవన్నీ. వరుస కూడా శాసనమేం కాదు. ఒక ఊళ్లో ప్రపంచం అన్నిటికంటే పెద్ద తురుపైతే, ఇంకో ఊళ్లో తీర్పునాటి దేవదూత పెద్దది. రహస్య గ్రంథమే అయితే పుటల క్రమం ఊరికో రకంగా మారిపోతుందా?

ఇప్పుడు ఇందాకటి వేలాడే మనిషి దగ్గరికొద్దాం. ఈ ఒక్క ముక్క వెంట నడిస్తే కథంతా కనిపిస్తుంది.

బొమ్మలో ఒకడు ఒక కాలితో తలకిందులుగా వేలాడుతుంటాడు. ఇవాళ్టి టారో పుస్తకాల్లో దీనికి త్యాగం, సమర్పణ, లోకాన్ని కొత్త కోణంలో చూడటం అని రాస్తారు. పదిహేనో శతాబ్ది ఇటాలియన్‌కు ఆ పాట్లేవీ అక్కర్లేదు. కాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడదీశారంటే వాడు ద్రోహి. కొన్ని ఊళ్లలో ఆ ముక్క పేరే ద్రోహి. ఊరికి వెన్నుపోటు పొడిచి పారిపోయినవాడు చేతికి చిక్కకపోతే, వాడి బొమ్మను అలా వేలాడుతున్నట్టు బహిరంగంగా గోడ మీద వేయించేవారు. పరువు తీసే శిక్ష అది. జుస్తి పేక చేయించిన అదే 1440లో, అంగియారి యుద్ధంలో ఫ్లారెన్సుకు ఎదురు తిరిగినవాళ్ల బొమ్మలను ఆంద్రియా దెల్ కస్తాన్యో అనే చిత్రకారుడు నగర న్యాయాధికారి భవనం గోడ మీద ఇలాగే వేశాడు. ఆ దెబ్బతో ఆయనకు ‘ఉరివాళ్ల ఆంద్రియా’ అని పేరు పడిపోయింది. ఇంకా చిత్రమేమిటంటే, పైన చెప్పిన స్ఫోర్జా కుటుంబంలోని మిలాన్ పాలకుడు ఫ్రాంచెస్కో తండ్రికే ఈ అవమానం జరిగింది. ఆయన పక్షం మార్చాడని రోములో కాలితో వేలాడుతున్నట్టు బొమ్మలు వేయించారు. కొడుకు ఇంట్లో పేకాడేటప్పుడు పన్నెండో ముక్క చేతికొస్తే ఆ ఇంటివాళ్ల ముఖాలు ఎలా ఉండేవో!

ఇదంతా జెబెలాన్‌కు తెలియదు. తెలియకపోవడానికి కారణం ఉంది. టారో ఆట ఇటలీ నుంచి ఫ్రాన్సుకు ఎప్పుడో చేరింది, ఒకప్పుడు పారిస్‌లోనూ ఆడారు. కానీ పద్దెనిమిదో శతాబ్దం నాటికి రాజధానిలో దాన్ని పూర్తిగా మర్చిపోయారు. ఫ్రాన్సు తూర్పు జిల్లాల్లో, స్విట్జర్లాండులో, జర్మన్ రాజ్యాల్లో మాత్రం అది ఇంటింటి ఆట. వాళ్లెవరూ దానిలో మర్మం వెతకలేదు, రోజూ చేతిలో నలిగే ముక్కలే కదా. పారిస్ పండితుడికేమో అవి ఏ లోకం నుంచో ఊడిపడ్డట్టు కనిపించాయి. ఆట మరిచిపోయిన చోటే మహిమ పుట్టింది.

అప్పట్లో ఈజిప్టు అంటే పారిస్‌కు వెర్రి. చిత్రలిపి చదవగలిగినవాడు భూమ్మీద ఒక్కడూ లేడు. షాంపోలియన్ దాన్ని ఛేదించింది 1822లో, అంటే నలభై ఏళ్ల తర్వాత. కాబట్టి ఎవరేం చెప్పినా కాదనే దిక్కు లేదు. జెబెలాన్ ‘టారో’ను ఈజిప్టు భాషలో ‘టార్’ అంటే దారి, ‘రో’ అంటే రాజు, కలిపితే రాజమార్గం అని విడగొట్టాడు. ఆ భాష ఆయనకు రాదు. రథమెక్కినవాడు ఒసిరిస్ అన్నాడు, సైతాను టైఫన్ అన్నాడు, పోపును ఈజిప్టు ప్రధాన పూజారిని చేశాడు. అచ్చంగా క్రైస్తవమైన బొమ్మలకు కొత్త వేషాలు కట్టించాడు.

వేలాడే మనిషి దగ్గర మాత్రం చిక్కొచ్చింది. నీతి గుణాల బొమ్మలు కట్టలో మూడున్నాయి: న్యాయం, ధైర్యం, మితం. నాలుగోది వివేకం ఉండాలి, కనబడలేదు. దానికి ఆయన చెప్పిన సమాధానం చూడండి. అసలు బొమ్మ వివేకమేనట! ఒక కాలు నేలమీద ఆన్చి, రెండో కాలు ఎక్కడ వెయ్యాలా అని ఆచితూచి నిలబడ్డ మనిషట. ఆ సూక్ష్మం తెలియని పేక తయారీదారు ముక్కను తలకిందులుగా అచ్చేశాడట. సాక్ష్యం సిద్ధాంతానికి అడ్డొస్తే సాక్ష్యాన్నే తిరగేశాడన్న మాట. ఆ సంపుటంలోనే కోంత్ ద మెల్లె అనే ఇంకొకాయన వ్యాసం కూడా ఉంది. ముక్కలతో జోస్యం ఎలా చెప్పాలో అందులో ఉంది. 22 బొమ్మలకూ హీబ్రూ లిపిలోని 22 అక్షరాలకూ ఆయన ముడి వేశాడు. లెక్క కుదిరిందనే తప్ప దానికి మరో ఆధారం లేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. జెబెలాన్ కంటే ముందు టారో ముక్కతో ఎవరూ జోస్యం చెప్పలేదంటే తప్పు. ఇటలీలోని బొలోన్యాలో 1750కి ముందటి కాగితం ఒకటి దొరికింది. అందులో 35 ముక్కలకు ఒక్కో ముక్కకు ఒక్కో చిన్న అర్థం రాసి ఉంది. చంద్రుడంటే రాత్రి, ప్రపంచమంటే దూరప్రయాణం, ద్రోహి అంటే ద్రోహం. మామూలు పేకతో సరదాగా సోది చెప్పుకునే అలవాటు ఎలా ఉండేదో ఇదీ అలాంటిదే. ఆ కాగితంలో ఈజిప్టు లేదు, అక్షరాల లెక్క లేదు. ముఖ్యంగా, వేలాడేవాడు ఇంకా ద్రోహిగానే ఉన్నాడు.

సిద్ధాంతాన్ని అంగడిలో పెట్టినవాడు మరొకడు. పేరు జాన్ బతీస్త్ ఆలియెత్, విత్తనాలూ చిత్తరువులూ అమ్ముకున్న పారిస్ వ్యాపారి. ఇంటిపేరును తిరగేసి ‘ఎతెయ్యా’ అని పెట్టుకున్నాడు. 1770లోనే 32 ముక్కల మామూలు పేకతో జోస్యం చెప్పే పుస్తకం వేసి ఉన్నాడు. అందులో టారో వైభవం ఏమీ లేదు. జెబెలాన్ సంపుటం వచ్చాక గాలి ఎటు వీస్తోందో కనిపెట్టి, 1785లో టారో మీద పుస్తకాలు మొదలుపెట్టాడు. ప్రళయం తర్వాత 171 ఏళ్లకు 17 మంది మాంత్రికులు కూడి ఈ గ్రంథాన్ని రచించారని ప్రకటించాడు. ఏళ్లు కూడా లెక్కగా చెబితే నమ్మేవాళ్లు పెరుగుతారని ఆయనకు బాగా తెలుసు. 1789లో, అంటే ఫ్రెంచి విప్లవం మొదలైన ఏడాదే, కేవలం జోస్యం కోసం గీయించిన మొట్టమొదటి టారో కట్టను తెచ్చాడు. ముక్క నిలువుగా వస్తే ఒక అర్థం, తలకిందులుగా వస్తే ఇంకో అర్థం అని ముక్క రెండు చివర్లా అచ్చేయించాడు. ఇక పన్నెండో ముక్క? జెబెలాన్ ‘సరిదిద్దిన’ ప్రకారం అక్కడ చక్కగా నిలబడ్డ వివేకమూర్తి, కాళ్ల దగ్గర పాము. మూడున్నర శతాబ్దాల నాటి ద్రోహి మాయమైపోయాడు.

పంతొమ్మిదో శతాబ్దంలో మతగురువు కాబోయి మానుకున్న ఎలిఫాస్ లేవీ వచ్చి ఎతెయ్యాను మంగలి అని ఈసడించి, ఆడుకునే పాత మార్సెయ్ కట్టనే మళ్లీ పైకి తీశాడు. హీబ్రూ అక్షరాల ముడిని ఇంకా బిగించి, కబ్బాలా అనే యూదుల మార్మిక విద్యకు టారోను తాళంచెవి చేశాడు. ఆ దారి లండన్‌కు వెళ్లి, 1888లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే రహస్య సమాజంలో తేలింది. వాళ్ల పట్టికల్లోకి దిగితే ఇక పైకి రాలేం.

అయితే టారో సామాన్యుల చేతికి వచ్చింది ఈ సిద్ధాంతాల వల్ల కాదని నాకనిపిస్తుంది. ఒక చిత్రకారిణి వల్ల వచ్చింది. 1909లో ఆ సమాజానికే చెందిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్, పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆమె చేత కొత్త కట్ట గీయించాడు. లండన్‌లో రైడర్ సంస్థ అచ్చేసింది. అంతకు ముందు కత్తుల మూడు అంటే మూడు కత్తులు, నాణేల ఏడు అంటే ఏడు నాణేలు, అంతే. ఆడుకోవడానికి అది చాలు. జోస్యం చెప్పాలంటే మాత్రం ఒక్కో అంకె ముక్కకు అర్థం బట్టీ పట్టాలి. పమేలా ఆ 40 అంకె ముక్కల్లోనూ మనుషుల్ని, సన్నివేశాల్ని పెట్టింది. కత్తుల మూడులో వర్షం కురుస్తున్న మబ్బుల ముందు ఎర్రటి గుండె, దాన్ని చీల్చుకుపోయిన మూడు కత్తులు. దీనికి పుస్తకం తిరగెయ్యాల్సిన పని లేదు. మన చిలక జోస్యంలో చిలక తీసిన బొమ్మను చూసి జోస్యుడు కథ అల్లినట్టే, ఎవరైనా బొమ్మ చూసి మాట అందుకోవచ్చు. ఆ ఎత్తుగడ పూర్తిగా ఆమెది కూడా కాదు. పదిహేనో శతాబ్ది చివర్లో ఇటలీలో చెక్కిన ‘సోలా బుస్కా’ అనే కట్టలో అంకె ముక్కల మీదా బొమ్మలున్నాయి. దాని ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఆ గుండె, ఆ మూడు కత్తులు అందులో ఉన్నవే.

పన్నెండో ముక్కలో వేలాడే మనిషి తిరిగొచ్చాడు. కానీ ఈసారి ఆకులు చిగురించిన చెట్టుకొమ్మల సిలువకు వేలాడుతున్నాడు, ముఖంలో ప్రశాంతత, తల చుట్టూ కాంతివలయం. ఫ్లారెన్సు గోడ మీది దోషి మహర్షి అయ్యాడు. పమేలాకు ముట్టింది మాత్రం స్వల్పం. పెద్ద పనికి చిన్న కూలి దక్కిందని అప్పట్లోనే స్నేహితుడికి రాసుకుంది. ఆ కట్ట లక్షల్లో అమ్ముడుపోయే రోజులు రాకముందే, 1951లో అప్పులతో కన్నుమూసింది. చాలాకాలం ఆ కట్టకు ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు మాత్రమే ఉండేవి.

ఈ గొడవంతా చిక్కు విప్పి చెప్పినవాడు ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త మైకేల్ డమ్మెట్. తర్కశాస్త్రంలో దిట్ట, పేకాట పిచ్చి కూడా ఉంది. 1980లో ‘ది గేమ్ ఆఫ్ టారో’ అనే లావుపాటి పుస్తకం వేసి, ఊరూరి ఆట నియమాలను, తురుపుల వరుసలను పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆట మొదట, జోస్యం తర్వాత అని ఇవాళ చరిత్రకారులు నిస్సందేహంగా చెప్పగలుగుతున్నది ఎక్కువగా ఆయన పుణ్యాన.

ఆట ఏమీ చచ్చిపోలేదు. వియన్నాలో ఫ్రాయిడ్ శనివారం సాయంత్రాలు స్నేహితులతో కూర్చుని ఆడింది దీని తమ్ముడు ‘టారోక్’నే. కలలకు అర్థాలు చెప్పిన ఆ మనిషి ఆ ముక్కలకు మాత్రం అర్థాలు వెతకలేదు, పాయింట్లే లెక్కపెట్టుకున్నాడు. ఫ్రాన్సులో ఇది ఇప్పటికీ కాలేజీ పిల్లలు క్యాంటీన్లలో ఆడే ఆట, 1973 నుంచి దీనికో జాతీయ సమాఖ్య కూడా ఉంది. కట్ట మొత్తం 91 పాయింట్లు. తురుపుల్లో ఒకటి, ఇరవై ఒకటి, ఎక్స్‌క్యూజ్ అనే మూడూ మీ కుప్పలో ఉంటే 36 చాలు గెలవడానికి. ఒక్కటీ లేకపోతే 56 తెచ్చుకోవాలి. మీరెప్పుడైనా పారిస్ వెళ్లి అక్కడి దుకాణంలో ఉత్తినే టారో ఇమ్మంటే ఈ కట్టే చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. రంగులు మనకు తెలిసిన ఆఠీను, ఇస్పేటు, డైమండు, కళావరే. పన్నెండో తురుపు మీద పెద్ద అంకె, పైనా కిందా రోజువారీ జీవితపు బొమ్మలు ఉంటాయి. వేలాడే మనిషి కావాలంటే జోస్యం కట్ట అని విడిగా అడగాలి, దాని ధర కూడా ఎక్కువే.